పూరక్ అన్న మాటను దాచకూడదు

విదేశాల్లో చదవాలని దరఖాస్తు పెట్టుకునే మన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, మెమోల మీద ఎన్ని స్టాంపులు వేయించాలి?" స్టాంపులు ఎన్ని ఎక్కువ ఉంటే కాగితానికి అంత బలం అని మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. కుల ధ్రువీకరణ పత్రానికీ, ఆదాయ పత్రానికీ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వచ్చిన నమ్మకం అది. మార్కుల మెమోకు చేయించే ధ్రువీకరించిన అనువాదం దగ్గర మాత్రం ఆ నమ్మకం పనికిరాదు. అక్కడ చూసేది వేరు. మా మేనకోడలి కాగితాల పనిలో నేను మొదటి నుంచి చివరి దాకా ఉన్నాను కాబట్టి, ఆ పని ఎలా జరిగిందో వరసగా చెబుతాను.

మా అక్కను ఇచ్చింది శబరి అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు. ఇంట్లో కోయ మాట, సంతలో తెలుగు, బడిలో హిందీ. అక్క కూతురు అక్కడే చదివి, 2018లో బీఏ పూర్తి చేసింది. కొన్నేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేసి, తర్వాత బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సామాజిక మానవశాస్త్రంలో ఎంఏకు దరఖాస్తు పెట్టింది. షరతులతో కూడిన ప్రవేశం వచ్చింది. షరతులు రెండు. ఇంగ్లిషు పరీక్షలో అడిగిన స్కోరు తేవాలి. డిగ్రీ మెమోలూ, పట్టా పంపాలి. అవి ఇంగ్లిషులో లేకపోతే ధ్రువీకరించిన అనువాదం జత చేయాలి. ఆమె మెమోలు హిందీలో ఉన్నాయి. మెమోలు చేరవలసిన గడువు ఆరు వారాలు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలు ఇచ్చే డిగ్రీ మెమోలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి మన వైపు పిల్లలకు ఈ ఇబ్బంది తక్కువ. అయినా పాత టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, ఊరి పత్రాలు తెలుగులో ఉన్నవాళ్లకు, సరిహద్దు అవతల హిందీలో చదివిన మన బంధువుల పిల్లలకు ఇది తప్పదు. భాష ఏదైనా పద్ధతి ఒకటే.

ముందుగా నాలుగు పనులను విడదీసి చూడాలి. వీటిని కలిపేయడం వల్లనే డబ్బూ రోజులూ వృథా అవుతాయి. మొదటిది, నకలు ధ్రువీకరణ. గెజిటెడ్ అధికారో, నోటరీయో జిరాక్స్ మీద "ట్రూ కాపీ" అని ముద్ర వేసి సంతకం పెడతారు. ఈ నకలు అసలులాగే ఉంది అని మాత్రమే దాని అర్థం. రెండోది, అనువాద ధ్రువీకరణ. ఈ ఇంగ్లిషు పాఠం ఆ హిందీ పాఠానికి పూర్తి, సరైన అనువాదం అని అనువాదకుడు తన పేరుతో మాట ఇవ్వడం. మూడోది నోటరీ పని. 1952 నాటి నోటరీల చట్టం 8వ సెక్షన్‌లో నోటరీ చేయగల పనుల జాబితా ఉంది. పత్రాలను ఒక భాష నుంచి మరో భాషకు అనువదించడం, అనువాదాన్ని సరిచూడటం కూడా అందులో ఉన్నాయి. కానీ నోటరీ సాధారణంగా చేసేది, తన ఎదుట సంతకం పెట్టిన మనిషి ఫలానా అని ధ్రువీకరించడమే. నాలుగోది అపోస్టిల్. మన దేశ విదేశాంగ శాఖ, ఒక పత్రం మీద ఉన్న ప్రభుత్వ సంతకం, ముద్ర నిజమైనవేనని ఇంకో దేశానికి చెప్పే చీటీ అది. 2005 నుంచి మన దేశం ఆ హేగ్ ఒప్పందంలో ఉంది. అపోస్టిల్ పత్రం లోపల ఏం రాసి ఉందో చూడదు, అనువాదం బాగుందో లేదో అసలే చూడదు.

ఈ నాలుగింటిలో ఏది కావాలన్నది పత్రాలు తీసుకునే దేశం, విశ్వవిద్యాలయం చెప్పాలి. మేనకోడలికి వచ్చిన ఉత్తరంలో కావాలన్నది రెండోది ఒక్కటే. జర్మనీకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. అక్కడ కోర్టు ముందు ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు, వాళ్ల ముద్రకు చట్టం ఇచ్చిన విలువ ఉంటుంది. మన దేశంలో అలాంటి ప్రమాణ అనువాదకుల వ్యవస్థ లేదు. కాబట్టి జర్మనీ పద్ధతి విని బ్రిటన్ కాగితాలు తయారు చేయకూడదు, బ్రిటన్ పద్ధతి విని జర్మనీవి తయారు చేయకూడదు. ఉత్తరంలో ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదివి, అది ఈ నాలుగింటిలో ఏదో గుర్తించాక పని మొదలుపెట్టాలి.

బ్రిటన్ విషయంలో ఒక సౌకర్యం ఉంది. విశ్వవిద్యాలయం తర్వాత వీసా దగ్గర కూడా ఇవే మెమోలు చూపించాల్సి రావచ్చు. వీసా నియమాలు అనువాదంలో ఏమేం ఉండాలో తేటగా చెబుతాయి. ఇది అసలు పత్రానికి సరైన అనువాదం అన్న మాట, అనువాదం చేసిన తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, అతన్ని సంప్రదించే వివరాలు. బ్రిటన్‌లోపల ఉండి దరఖాస్తు పెట్టేవాళ్లకైతే అనువాదకుడి అర్హతల వివరాలు కూడా కావాలి. ఇవన్నీ ముందే ఉండేలా చేయిస్తే ఒకే అనువాదం రెండు చోట్లా పనికొస్తుంది.

మేనకోడలు మొదట దగ్గరి పట్టణంలో డీటీపీ చేసే ఒక షాపులో చేయించుకుంది. రెండు రోజుల్లో ఇచ్చారు. చూడటానికి చాలా అందంగా ఉంది. పైన విశ్వవిద్యాలయం బొమ్మ రంగుల్లో, మధ్యలో గీతల పట్టిక, కింద నోటరీ ఎర్ర ముద్ర. ఆమె సంతోషంగా పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. నేను హిందీ మెమోలు పక్కన పెట్టుకుని చదివాను. చదివేకొద్దీ ఒక్కొక్కటే బయటపడింది.

ఆమె దగ్గర ఉన్న అసలు కాగితాలు ఐదు. మూడు సంవత్సరాలకు మూడు మెమోలు, రెండో సంవత్సరానికి ఇంకొక మెమో, చివరికి పట్టా. రెండో సంవత్సరానికి రెండు మెమోలు ఎందుకంటే ఆ ఏడు చరిత్రలో తప్పింది. ఆధార్ పాఠ్యక్రమాన్ని పక్కన పెడితే ఆమెకు మూడు విషయాలు: హిందీ సాహిత్యం, చరిత్ర, సమాజశాస్త్రం. ఒక్కోదానికి రెండు పేపర్లు, పేపరుకు 75 మార్కులు, మొత్తం 150. గట్టెక్కడానికి 150కి 50 రావాలి. 2017 మెమోలో సాహిత్యం 92, సమాజశాస్త్రం 88, చరిత్ర 18, 21 కలిపి 39. మొత్తం 219. ఫలితం గడిలో "పూరక్" అని ఉంది. మనం సప్లిమెంటరీ అంటామే, అదే. తర్వాత పూరక్ పరీక్ష రాసి చరిత్రలో 58 తెచ్చుకుంది. దానికి వేరే మెమో ఇచ్చారు.

షాపువాళ్లు ఈ రెండు మెమోలనూ కలిపి ఒక్కటి చేశారు. చరిత్ర ఎదురుగా 58 వేసి, ఫలితం "పాస్" అని రాశారు. పూరక్ అన్న మాటే లేదు. ఆమెకు మేలు చేస్తున్నాం అనుకున్నారు కాబోలు. కానీ కింద మొత్తం గడిలో మాత్రం పాత మెమోలోని 219ని అలాగే దించారు. 92, 88, 58 కూడితే 238 వస్తుంది, 219 రాదు. ప్రవేశాల ఆఫీసులో కూర్చునే మనిషికి హిందీ రాకపోవచ్చు, కూడిక వస్తుంది. హిందీ స్కాన్ కూడా పక్కనే ఉంటుంది. అంకెలు ఏ భాషలోనైనా పోల్చి చూడొచ్చు. ఇక్కడ 39, అక్కడ 58 కనబడితే ఆ మనిషికి వచ్చే మొదటి అనుమానం ఆమె చదువు మీద రాదు, ఆమె నిజాయితీ మీద వస్తుంది. ఒకసారి తప్పిన పరీక్ష వల్ల ప్రవేశం పోదు. దిద్దిన పత్రం వల్ల పోతుంది, ఒక్కోసారి వీసా కూడా పోతుంది.

"మామా, పూరక్ అని రాస్తే వాళ్లు వద్దంటారేమో" అంది.

"వాళ్లు నీకు ప్రవేశం ఇచ్చింది నువ్వు దరఖాస్తులో రాసిన మొత్తం మార్కులు చూసి కదమ్మా. ఆ మొత్తం ఎలా వచ్చిందో చూపించాలంటే ఈ రెండు మెమోలూ ఉండాల్సిందే" అన్నాను.

లెక్క కూడా వేసి చూపించాను. మొదటి ఏడు 265, రెండో ఏడు పూరక్ తర్వాత 238, మూడో ఏడు 287. అన్నీ కలిపితే 1350కి 790, అంటే 58.5 శాతం. మూడో సంవత్సరం మెమో కింద అసలులో ఉన్నదీ అదే 790. 219 నుంచి 238 ఎలా అయిందో చెప్పే కాగితం పూరక్ మెమో ఒక్కటే. దాన్ని తీసేస్తే ఆమె డిగ్రీ లెక్కే కుదరదు.

షాపు అనువాదంలో రెండో తప్పు ఇంకా మెత్తగా ఉంది. 790 మార్కులకు అసలులో "ద్వితీయ్ శ్రేణీ" అని ఉంటే, "సెకండ్ క్లాస్ ఆనర్స్" అని రాశారు. మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి. బ్రిటన్‌లో సెకండ్ క్లాస్ ఆనర్స్ అన్నది వాళ్ల డిగ్రీలో ఒక నిర్దిష్టమైన స్థాయి, అందులో పై మెట్టు, కింది మెట్టు అని మళ్లీ రెండున్నాయి. ఆమె చదివింది ఆనర్స్ కోర్సే కాదు. సరైన అనువాదం "సెకండ్ డివిజన్". మన 58.5 శాతం వాళ్ల లెక్కలో ఎక్కడ నిలుస్తుందో తేల్చే పని విశ్వవిద్యాలయానిది. అవసరమైతే యూకే ఎనిక్ అనే సంస్థ విదేశీ చదువులను బ్రిటన్ చదువులతో పోల్చి చెబుతుంది. అనువాదకుడు చేసేది అనువాదం, తూకం కాదు. శాతాలను జీపీఏగా మార్చడం, డివిజన్‌ను క్లాసుగా మార్చడం, "ఇది మీ దేశంలో ఇంతకు సమానం" అని పక్కన రాయడం, ఇవేవీ అనువాదంలోకి రాకూడదు.

ఇలాంటి మాటలు హిందీ మెమోల్లో ఇంకొన్ని ఉంటాయి. "నియమిత్" అంటే కాలేజీకి వెళ్లి చదివిన రెగ్యులర్ విద్యార్థి, "స్వాధ్యాయీ" అంటే ప్రైవేటుగా కట్టిన అభ్యర్థి. మేనకోడలు మొదటి రెండేళ్లు నియమిత్, మూడో ఏడు ఇంట్లో పరిస్థితి బాగాలేక స్వాధ్యాయీ. షాపువాళ్లు మూడు చోట్లా రెగ్యులర్ అనే పెట్టారు. "కృపాంక్" అంటే గ్రేస్ మార్కులు. అవి కలిపి ఉంటే మెమోలో గుర్తు ఉంటుంది, ఆ గుర్తూ అనువాదంలో ఉండాలి. "పూర్ణాంక్" గరిష్ఠ మార్కులు, "న్యూనతమ్" కనిష్ఠం, "ప్రాప్తాంక్" వచ్చిన మార్కులు. ఈ మూడు వరసల తలకట్లు అటూఇటూ అయితే చాలు, వచ్చిన మార్కులు గరిష్ఠం గడిలో పడి, మెమో అంతా తలకిందులవుతుంది.

ఆ షాపు పత్రాన్ని పక్కన పెట్టేశాం. దాని మీదున్న నోటరీ ముద్రను చూస్తే అది "ట్రూ కాపీ" ముద్ర. అంటే అనువాదం గురించి ఆ ముద్ర ఏమీ చెప్పడం లేదు. అనువాదకుడి పేరు కాగితంలో ఎక్కడా లేదు. అందమైన పట్టికకు బాధ్యత వహించే మనిషే లేడన్నమాట. ధ్రువీకరించిన అనువాదం అవునో కాదో తెలుసుకోవడానికి నేను చూసే మొదటి చోటు ఇదే. తప్పు దొరికితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాగితం చెప్పాలి.

"మామా, నీకు హిందీ వచ్చుగా, నువ్వే చేసి సంతకం పెట్టు" అంది మేనకోడలు. నాకు హిందీ, ఇంగ్లిషు చదవడం వచ్చు. కానీ నేను మేనమామను. దరఖాస్తు పెట్టిన మనిషి, ఆమె కుటుంబీకులు చేసిన అనువాదాన్ని అక్కడివాళ్లు నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు. చివరికి హైదరాబాదులో హిందీ, ఇంగ్లిషు అనువాదమే వృత్తిగా చేసే ఒకామె దొరికింది. పేజీకి ఎంతో, ఎన్ని రోజులో ముందే మాట్లాడుకున్నాం. ఆమె ముందుగా మూడు అడిగింది. ఐదు కాగితాల రంగు స్కాన్లు, ముందువైపూ వెనకవైపూ. పాస్‌పోర్టులో పేర్లున్న పేజీ. విశ్వవిద్యాలయం రాసిన ఉత్తరంలో అనువాదం గురించిన వాక్యం. ఈ మూడూ అడగని అనువాదకుడి దగ్గర కొంచెం ఆగి ఆలోచించడం మంచిదని నాకు అప్పుడు తెలిసింది.

వెనకవైపు ఎందుకు అని మేనకోడలు అడిగింది. మెమో వెనక చిన్న అక్షరాల్లో నియమాలు ఉన్నాయి. 60 శాతం పైన ప్రథమ్, 45 పైన ద్వితీయ్, పూరక్ అంటే ఏమిటి, అన్నీ అక్కడే. వాటిని కూడా అనువదిస్తే అక్కడి ఆఫీసుకు మన పద్ధతి మన మెమో నుంచే అర్థమవుతుంది. మనం వేరే ఉత్తరం రాసి వివరించే పని తప్పుతుంది.

పది రోజులకు అనువాదం వచ్చింది. షాపు కాగితంతో పోలిస్తే చూడటానికి సాదాగా ఉంది. రంగుల బొమ్మలు లేవు. విశ్వవిద్యాలయం చిహ్నం ఉన్న చోట చతురస్ర బ్రాకెట్లలో "విశ్వవిద్యాలయ చిహ్నం" అని ఇంగ్లిషులో రాసి ఉంది. గుండ్రని ముద్ర ఉన్న చోట "గుండ్రని నీలి ముద్ర", దాని పక్కన ముద్రలో చదవగలిగిన అక్షరాల అనువాదం. హోలోగ్రామ్ ఉన్న చోట "హోలోగ్రామ్". సంతకం ఉన్న చోట "సంతకం", కింద హోదా, "పరీక్షా నియంత్రణాధికారి". పట్టాలో చేత్తో రాసిన క్రమసంఖ్య దగ్గర "చేతిరాత" అని. ఒక మెమో అంచున ముద్ర మీద ముద్ర పడి చెరిగిపోయిన చోట "చదవడానికి వీలులేదు" అని. ఊహించి నింపలేదు.

అసలు చిహ్నాన్ని కత్తిరించి అంటించడం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది. చిహ్నం, ముద్ర విశ్వవిద్యాలయానివి. అనువాదం మీద అవి ఉంటే ఆ ఇంగ్లిషు కాగితం విశ్వవిద్యాలయమే ఇచ్చినట్టు కనబడుతుంది, అది నిజం కాదు. అనువాదం తాను అనువాదమేనని మొదటి వరసలోనే చెప్పుకోవాలి. ఆమె ప్రతి పేజీ పైనా "హిందీ నుంచి అనువాదం" అని పెట్టింది.

అయినా పేజీ అమరిక మాత్రం అసలును వదలకుండా నడిచింది. మెమోలో ఎన్ని గడులుంటే ఇక్కడా అన్ని, వరసలు అదే క్రమంలో. ఖాళీ గడి ఖాళీగానే, గీత ఉంటే గీత. అసలులో మార్కులు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటే అనువాదంలోనూ రెండూ. రోల్ నంబరు, నామాంకన్ సంఖ్య అంకె పోకుండా. దీని వల్ల లాభం ఏమిటంటే, హిందీ తెలియని మనిషి కూడా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఐదో వరస మూడో గడి ఇక్కడ, ఐదో వరస మూడో గడి అక్కడ అని వేలు పెట్టి పోల్చవచ్చు. అమరికలో విధేయత కావాలనేది అందం కోసం కాదు, ఈ పోలిక కోసం. తేదీ ఒక్కదాన్ని ఆమె కొంచెం మార్చింది. 07/06 అని ఉన్నదాన్ని జూన్ 7 అని నెల పేరుతో రాసింది. అమెరికాలో ఆ అంకెలనే జూలై 6 అని చదువుతారు.

పేరు దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఇంటిపేరు మడకం. హిందీ మెమోలో ఉన్న అక్షరాలను ఇంగ్లిషులోకి ఒక్కొక్కటిగా దించితే డి తర్వాత ఒక ఏ వస్తుంది. పాస్‌పోర్టులో ఆ ఏ లేదు. అదీకాక పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఉంది, మెమోల్లో ముందు ఉంది, దానికి ముందు కుమారి అని సూచించే "కు." ఉంది. మూడో సంవత్సరం మెమోలో తల్లి పేరులో ఒక అక్షరం కూడా తప్పు పడింది. మన పిల్లల ఇంటిపేర్లను రాసేవాళ్లు తమకు తోచినట్టు రాసేయడం మనకు కొత్త కాదు, ఒకే ఇంట్లో అన్నదమ్ముల ఇంటిపేర్లు రెండు రకాలుగా ఉండటం నేను హాజరు పట్టికల్లో చాలాసార్లు చూశాను.

అనువాదకురాలు చేసిన పద్ధతి ఇది. స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే వాడింది, ఎందుకంటే హిందీ అక్షరాలకు ఒక్కటే సరైన ఇంగ్లిషు స్పెల్లింగు అంటూ లేదు. పేరు క్రమం మాత్రం మెమోలో ఉన్నట్టే ఉంచింది. పేజీ అడుగున అనువాదకురాలి గమనిక అని పెట్టి, ఇంగ్లిషు స్పెల్లింగు పాస్‌పోర్టును అనుసరించి రాశామని ఒక వాక్యం రాసింది. తల్లి పేరులో తప్పును మాత్రం దిద్దలేదు. అసలులో ఉన్నట్టే ఉంచి, పక్కన "అసలులో ఇలాగే ఉంది" అని పెట్టింది. అసలు పత్రంలో తప్పును దిద్దే హక్కు ఆ పత్రం ఇచ్చిన విశ్వవిద్యాలయానికే ఉంది. దరఖాస్తు పెట్టి, కొత్త మెమో తెచ్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది. తల్లి పేరు ఒక్క అక్షరం కాబట్టి మేం అలాగే పంపాం. అభ్యర్థి పేరే తప్పుగా ఉంటే మాత్రం దరఖాస్తు కంటే ఏడాది ముందే దిద్దించుకోవాలి, అనువాదంతో దాన్ని దాటలేం.

చివరి పేజీ ధ్రువీకరణ. నేను దాన్ని చాలాసేపు చదివాను, ఎందుకంటే పని మొత్తానికి ప్రాణం అదే. దాని భావం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఫలానా పేరుగల నేను, హిందీ, ఇంగ్లిషు భాషలు రెండూ బాగా తెలిసిన అనువాదకురాలిని. పైన జతచేసిన ఇంగ్లిషు పాఠం, నాకు చూపిన హిందీ పత్రానికి నాకు తెలిసినంతవరకు పూర్తి అయిన, సరైన అనువాదమని ధ్రువీకరిస్తున్నాను." దాని కింద పత్రాల జాబితా, ప్రతి దానికీ క్రమసంఖ్య, తేదీ. ఆ కింద పూర్తి పేరు, సంతకం, అర్హత, చిరునామా, ఫోను, ఈమెయిలు, అనువాదం చేసిన తేదీ. ముద్ర కూడా వేసింది కానీ ఆ ముద్రలో ఉన్నవి కూడా ఆ వివరాలే.

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. "పూర్తి" అంటే ఏదీ వదల్లేదని. పూరక్ మెమోను మింగేసిన షాపువాళ్లు ఈ మాట రాయలేరు. "సరైన" అంటే ఏదీ మార్చలేదని. "రెండు భాషలూ తెలుసు" అన్న మాటను అమెరికా వలస నియమాలు ప్రత్యేకంగా అడుగుతాయి. పత్రాల జాబితా లేకపోతే ఈ ధ్రువీకరణ పేజీని ఎవరైనా తీసి ఇంకో అనువాదానికి తగిలించవచ్చు. అదే భయంతో ఆమె ప్రతి పేజీకి "8లో 3వ పేజీ" అన్నట్టు సంఖ్య వేసింది, ప్రతి పేజీలో పొట్టి సంతకం పెట్టింది, హిందీ నకళ్లను వెనక కలిపి కుట్టి, రెండు పేజీల మీద సగం సగం పడేలా ముద్ర వేసింది. స్కాన్ చేసేటప్పుడు ఆ కుట్టు విప్పకూడదు. పేజీలు మడిచి స్కాన్ చేస్తే సగం ముద్ర రెండు వైపులా కనబడుతుంది.

పంపేముందు నేనూ మేనకోడలూ ఒక సాయంత్రం కూర్చుని సరిచూశాం. నేను ఇంగ్లిషు పైకి చదివాను, ఆమె హిందీ కాగితం మీద వేలు పెట్టి నడిచింది. ముందు అంకెలన్నీ, తర్వాత పేర్లు, తర్వాత తేదీలు, చివరికి మాటలు. అన్నీ ఒకేసారి చూడబోతే కన్ను జారిపోతుంది. ప్రతి మెమోలో మార్కులు మళ్లీ కూడాం. ఒక రోల్ నంబరులో 6 బదులు 8 పడింది. ఫోన్ చేస్తే అనువాదకురాలు ఆ పేజీ మార్చి, కొత్త తేదీతో ధ్రువీకరణ కూడా మళ్లీ సంతకం చేసి పంపింది. మనం పెన్నుతో దిద్దితే ఆ అనువాదం అక్కడితో చెల్లకుండా పోతుంది.

తర్వాత ఒక్కో పత్రానికి ముందు హిందీ స్కాన్, వెనక దాని ఇంగ్లిషు, చివర ధ్రువీకరణ పేజీ, ఈ వరసలో ఒకే పీడీఎఫ్ చేసి ఎక్కించింది. నోటరీ లేదు, అపోస్టిల్ లేదు, ఎందుకంటే అడగలేదు. మూడు వారాలకు జవాబు వచ్చింది. 2017లో రెండు మెమోలు ఎందుకున్నాయని అడుగుతారేమో అని మేనకోడలు జవాబు సిద్ధం చేసి పెట్టుకుంది. అడగలేదు. జవాబు కాగితంలోనే ఉంది కదా. షరతుల్లో మెమోల షరతు తీరిందని రాశారు.

ఈ పని అయ్యాక నా బడి ఆఫీసులో నేను చూసే చూపు మారింది. మేం ఇచ్చే టీసీ, స్టడీ సర్టిఫికెట్ ఇంకో ఇరవై ఏళ్లకు ఏ అనువాదకుడి బల్ల మీదకు పోతుందో తెలియదు. సిరా ఆరిపోయిన ప్యాడ్ మీద నొక్కి వేసిన ప్రధానోపాధ్యాయుడి గుండ్రని ముద్ర అక్కడ "చదవడానికి వీలులేదు" అవుతుంది. ఇంటిపేరు ఒక ఏడు ఒకలా, మరో ఏడు మరోలా రాస్తే అక్కడ ఒక గమనిక అవుతుంది, లేదా ఒక అనుమానం అవుతుంది. పుట్టిన తేదీని అక్షరాల్లో రాయకుండా వదిలిన గడి అక్కడ కూడా ఖాళీగానే వెళ్తుంది. కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. ముద్ర ప్యాడ్‌కు సిరా పోయండి, ఒకసారి తెల్లకాగితం మీద వేసి చూసి ఆపైన పత్రం మీద వేయండి. పిల్లవాడి ఇంటిపేరు రాసేముందు ఆధార్ కార్డులో ఎలా ఉందో, ఇంట్లోవాళ్లు ఎలా పలుకుతారో రెండూ అడగండి, ఏది రాయాలో నిర్ణయించుకున్నాక పదో తరగతి దాకా అదే రాయండి.